ఇంజనీరు చేతి శాంపిలు పుస్తకం

మన సంఘ పత్రిక చదివే కుటుంబాలలో మగ్గం మీద కూర్చొనే పిల్లల కంటె ఇంజనీరింగు చదివిన పిల్లలే ఈనాడు ఎక్కువేమో. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. అట్లా చదివి, ఉద్యోగంలో కుదిరిన తరువాత, "ఈ పని నాకు వద్దు, నేను బొమ్మలు గీసే పనిలోకి పోతాను" అని ఒక పిల్లవాడు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు ఏమి జరుగుతుందో, ఏమి జరగవలెనో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ పిల్లవాడు మా చెల్లెలి కొడుకు. సేలంలో పుట్టి పెరిగాడు. మెకానికల్ ఇంజనీరింగు ముగించి కోయంబత్తూరులో ఒక పంపుల కర్మాగారంలో నాలుగేండ్లు పనిచేశాడు. నేను ముప్పై ఏండ్లుగా జాకార్డు డిజైన్లకు గ్రాఫు గీసేవాణ్ణి గనుక, వాడికి బుద్ధి చెప్పమని మా చెల్లెలు నా దగ్గరికే పంపింది.

ఆడి పద్ధెనిమిది పండుగకు వచ్చినప్పుడు వాడు ఒక పెట్టెడు కాగితాలు తెచ్చి నా ముందు పరిచాడు. రెండేండ్లుగా రాత్రిళ్ళు కూర్చొని కంప్యూటరు మీద నేర్చుకున్నదట. ఇరవై రెండు బొమ్మలు ఉన్నవి. పేరుమోసిన కంపెనీల ముద్రలను మార్చి గీసినవి కొన్ని, లేని కాఫీ కొట్టుకు పేరుపలక, లేని సినిమాకు గోడపత్రిక, ఎవరూ వాడని ఫోను తెరల నమూనాలు మరికొన్ని. రంగులు కంటికి ఇంపుగానే ఉన్నవి. గీత శుభ్రంగా ఉన్నది. అప్పటికే వాడు ఆ పెట్టెను బెంగుళూరులో ఒక డిజైను ఆఫీసుకు తీసుకొనిపోయి చూపించాడు. అక్కడి పెద్దావిడ రెండు నిమిషాలలో అన్నీ తిరగవేసి ఒకే ప్రశ్న అడిగిందట: "బాబూ, ఇందులో ఎవరు ఏది వద్దన్నారు?"

వాడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అవమానించిందని అనుకున్నాడు. నాకు మాత్రం విన్నవెంటనే అర్థమైనది. ఎందుకంటే మన పనిలో వద్దనేవాళ్ళకు కరువు లేదు. షావుకారు వద్దంటాడు, మగ్గం వద్దంటుంది, నూలు వద్దంటుంది, చివరకు కట్టుకొనే ఆడపడుచు వద్దంటుంది. ఆ ఇరవై రెండు బొమ్మలలో ఒక్కదానికీ అట్లాంటి అడ్డు తగలలేదు. లేని కాఫీ కొట్టువాడు ఏనాడైనా బేరమాడతాడా?

పోర్ట్‌ఫోలియో అన్న మాట మన వాళ్ళకు కొత్త కావచ్చును గాని వస్తువు కొత్తది కాదు. చీరల వ్యాపారి సంచిలో పెట్టుకొని తిరిగే శాంపిలు పుస్తకం వంటిదే అది. అయితే ఒక భేదం ఉన్నది. శాంపిలు పుస్తకంలో నేసిన గుడ్డ ముక్క ఉంటే చాలును, అది ఎట్లా వచ్చినదో ఎవరికీ అక్కరలేదు. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్ళు కొనేది గుడ్డ కాదు, మనిషిని. రేపు తమ దగ్గర ఒక చిక్కు వచ్చినప్పుడు ఈ మనిషి ఏమి చేస్తాడో తెలుసుకోవాలని చూస్తారు. అందువల్ల చెడిపోయిన ముక్క, అది ఎందుకు చెడినదో కనిపెట్టిన వైనం, మార్చిన తరువాత వచ్చిన ముక్క, ఈ మూడూ ఒకే చోట కనిపించవలెను. ఆర్ట్ స్కూలు చదివినవాడికి ఏండ్ల తరబడి చేసిన తరగతి పనులు చేతిలో ఉంటవి. ఇంజనీరుకు అవి లేవు. లేనివాడు ఇరవై రెండు ఊహల కంటె మూడు నిజమైన పనులు చేయడం మేలు.

"నిజమైన పని నాకు ఎవరిస్తారు మామా?" అన్నాడు వాడు. వాడి చిన్నాయన మగ్గం మా మాటలు వినపడేంత దూరంలోనే ఆడుతున్నది.

ఆ చిన్నాయన పట్టూ నూలూ కలిపి చీరలు నేస్తాడు. అంచు జరీ పోగులు పడుగులోనే ఉంటవి. వాటిని జాకార్డు పైకెత్తితే జరీ కనిపిస్తుంది, ఎత్తకపోతే అడుగున ఉండిపోతుంది. అంచు డిజైను వెడల్పు అంగుళంన్నర. అంగుళానికి 80 పడుగు పోగులు గనుక 120 హుక్కులు. పేక అంగుళానికి 60. ఆ అంచుకు పదేండ్లుగా ఒకే రుద్రాక్ష డిజైను నడుస్తున్నది, కొత్తది ఏదైనా కావాలని షావుకారు అడుగుతూనే ఉన్నాడు. నేను మా వాడితో, "ఒక పద్మం గీసి ఇవ్వు. నేను వేలు పెట్టను. అట్టల ఖర్చు నీదే" అన్నాను.

వాడు ఒక్క ఆదివారంలో గీశాడు. 120 గడుల వెడల్పు, 120 గడుల ఎత్తు, అందులో చక్కటి గుండ్రటి పద్మం. కంప్యూటరు తెర మీద చూస్తే ఎవరైనా మెచ్చుకొనేదే. 120 అట్టలు కొట్టించి, కుట్టించి, మగ్గం మీద ఎక్కించాం. జానెడు నేసేసరికి చిన్నాయన నవ్వాడు. "ఏమిరా అబ్బాయి, పద్మమన్నావు, ఇది గుమ్మడి గింజ వలె ఉన్నదే!" పువ్వు నిలువునా సాగిపోయింది. కొలిస్తే వెడల్పు అంగుళంన్నర, ఎత్తు రెండంగుళాలు.

ఇంజనీరుకు ఇది తెలియని లెక్క కాదు, తోచని లెక్క. తెరమీద గడి నలుచదరంగా ఉంటుంది. మగ్గం మీద గడి నలుచదరం కాదు. దాని వెడల్పు అంగుళంలో 80వ వంతు, ఎత్తు అంగుళంలో 60వ వంతు. అంటే ప్రతి గడీ నిలువుగా సాగి ఉన్నది. 120 పేకలను 60తో భాగిస్తే రెండంగుళాలు రాక ఏమి వస్తుంది? గుండ్రంగా రావాలంటే ఎత్తు 90 గడులు మాత్రమే ఉండవలెను. అందుకే మా పాత గ్రాఫు కాగితాలలో అడ్డం ఎనిమిది గడులకు నిలువు ఆరు గడులు కలిపితే ఒక చదరం అయ్యేటట్లు అచ్చువేసేవారు. కాగితం మీద గీసిన ఆకారమే గుడ్డ మీద కనిపించేది. వాడు కాగితం వదిలి తెరను నమ్ముకున్నాడు. తెర మీద కూడ గడి కొలతను మార్చుకొనే వీలున్నది. కాని మార్చుకోవాలని తెలియవలెను గదా.

రెండవసారి 90 గడుల ఎత్తుకు కుదించమని కంప్యూటరునే అడిగాడు. అది కుదించింది గాని రేకుల అంచులు ముళ్ళకంప వలె తయారైనవి. గుండ్రటి గీతను గడులలో గీసేటప్పుడు మెట్ల పొడవు క్రమంగా తగ్గుతూ రావలెను, ఏడు, ఐదు, నాలుగు, మూడు, రెండు, రెండు, ఒకటి అన్నట్లు. కంప్యూటరు కుదింపులో ఏడు, మూడు, ఐదు, రెండు, నాలుగు అని వచ్చినవి. లెక్కకు సరిపోయినా కన్ను ఒప్పుకోదు. ఏడు తరువాత మూడు వచ్చి, మళ్ళీ ఐదు వస్తే అక్కడొక బొడిపె కనిపిస్తుంది. వాడు నాలుగు రాత్రులు కూర్చొని ఒక్కొక్క గడినీ చేత్తో సరిచేశాడు. నిజం చెప్పాలంటే వాడు గీత నేర్చుకున్నది ఆ నాలుగు రాత్రులలోనే. అంతకు ముందు రెండేండ్లు నేర్చుకున్నది పనిముట్టు.

ఈసారి అట్టలు కొట్టించక ముందే కాగితాన్ని చిన్నాయనకు చూపించాడు. ఆయన చదువు ఎనిమిదో తరగతి. కాగితం చేతిలోకి తీసుకొని వేలితో రేకు నడిమి భాగం తడిమి, "ఇక్కడ జరీ ఎంత దూరం ఎగిరి ఉంటుంది?" అన్నాడు. లెక్కపెడితే 24 పేకలు. అంటే అంగుళంలో దాదాపు రెండైదవ వంతు దూరం జరీ పోగు ఏ పేకకూ పట్టుబడకుండా పైన తేలుతుంది. అంచు కాళ్ళ దగ్గర ఉండేది. మెట్టెకో పట్టీకో తగిలితే ఆ పోగు లేచి వస్తుంది, ఒకటి లేస్తే పక్కవి వదులవుతవి. పది పన్నెండు పేకలకు మించి తేలనివ్వకూడదని ఆయన నియమం. దానికి చేయవలసిందల్లా మధ్య మధ్య ఒక్కొక్క గడిని ఖాళీగా వదలడం. అక్కడ జరీ పేక కిందికి దిగి కట్టుబడుతుంది.

కాని ఆ ఖాళీలను ఎట్లా పడితే అట్లా చల్లితే పద్మం నిండా మశూచి మచ్చలవుతవి. ఇక్కడ మా వాడికి ఒక ఆలోచన వచ్చింది. ఆ కట్టు గడులను ప్రతి రేకులోనూ నడిమి నుంచి కొసకు పోయే ఈనెల వలె వరుసలుగా అమర్చాడు. దూరం నుంచి చూస్తే పద్మపు రేకుకు సహజంగా ఉండే చారలే అవి. దగ్గరికి వచ్చి పోగు లెక్కపెడితే ఎక్కడా పదకొండు పేకలకు మించి తేలలేదు. అలంకారం అనుకున్నది బలం కోసం పెట్టినది, బలం కోసం పెట్టినది అలంకారమైనది. నేను గీసి ఉంటే చుక్కలు పరిచి ఊరుకొనేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

అట్టలు 120కి బదులు 90 అయినవి. షావుకారు ఆ అంచుతో ఆరు చీరలు అడిగాడు. ఆరు అమ్ముడుపోయిన తరువాత పన్నెండు అడిగాడు. అంతకు మించి ఘనకార్యం ఏమీ జరగలేదు. కాని పోర్ట్‌ఫోలియోలో ఎనిమిది పేజీలకు సరిపడిన పని జరిగింది. మొదటి పేజీలో పాత అంచు, షావుకారు అడిగినది ఏమిటో రెండు వాక్యాలలో. తరువాత సాగిపోయిన పద్మం ఫొటో, పక్కన కొలబద్ద పెట్టి తీసినది. ఆ పక్కనే 80కి 60 లెక్క. ఒక పేజీలో కంప్యూటరు మెట్లూ చేతి మెట్లూ పక్కపక్కన, పెద్దవి చేసి. ఒక పేజీలో చిన్నాయన వేలు రేకు మీద ఉన్న ఫొటో, ఆయన అడిగిన ప్రశ్న ఆయన మాటల్లోనే, ఆయన పేరుతో. చివర చీర, మనిషి కట్టుకొని నడుస్తుండగా తీసినది. గుడ్డను మడతపెట్టి బల్ల మీద పెట్టి తీసిన ఫొటో వద్దన్నాను. అంచు పని నడకలో కనిపించవలెను.

చిన్నాయన పేరు సంగతి ఒక మాట చెప్పాలి. మొదట మా వాడు ఆ పేరు రాయలేదు. తప్పుడు ఉద్దేశంతో కాదు, పోర్ట్‌ఫోలియో అంటే తన గొప్ప చెప్పుకొనేది అనుకున్నాడు. కట్టు గడి సలహా ఎవరిదో రాయకపోతే అది దొంగతనమని నేను గట్టిగానే అన్నాను. పైగా అది తెలివితక్కువ కూడ. నేతవాడి మాట విని డిజైను మార్చుకోగలవాడు అన్న సంగతే చూసేవాళ్ళకు ఎక్కువ విలువైనది.

రెండవ పని నూలు చీటీలది. నూలు పంచే చోట 80 నెంబరు, 100 నెంబరు చిలపలు కలిసిపోయి, ఒకటి అనుకొని ఒకటి పట్టుకుపోవడం మామూలే. సగం నేసిన తరువాత తేడా బయటపడుతుంది, అప్పుడు ఎవరిదీ తప్పు కాదు. మా వాడు నెంబరుకొక రంగు చీటీ కట్టాడు. పగలు బాగానే పనిచేసింది. సాయంత్రం పచ్చటి బల్బు వెలుగులో ఎరుపుకూ ముదురు నారింజకూ భేదం తెలియలేదు. రంగును నమ్ముకోకూడదని తేలింది. అప్పుడు చీటీ నిండా అంకె ఒక్కటే పెద్దదిగా వేసి, 100 నెంబరుకు చీటీ మూల ఒకటి కత్తిరించాడు. చిలప చేతిలోకి తీసుకుంటే చూడకుండానే వేలికి తెలుస్తుంది. ఇది రెండు పేజీల పని. అయినా, రంగు ఓడిపోయిన సాయంత్రపు ఫొటోను మొదటే పెట్టించాను.

ఇంజనీరు బుద్ధి ఇట్లాంటి పనులకు పనికిరాదని అనుకొనేవారు హారీ బెక్ కథ తెలుసుకోవలెను. లండన్ భూగర్భ రైలు సంస్థలో సిగ్నళ్ళ విభాగానికి నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. 1931లో, ఎవరూ అడగకుండానే, ఆ రైలు మార్గాల పటాన్ని కొత్తగా గీశాడు. భూమి మీది దూరాలను పక్కనబెట్టి, నిలువు, అడ్డం, 45 డిగ్రీల వాలు గీతలు మాత్రమే వాడాడు. సొరంగంలో పోయే ప్రయాణికుడికి ఎక్కడ దిగాలి, ఎక్కడ బండి మారాలి అన్నదే కావలెను గాని పైన వీధి ఎన్ని వంపులు తిరిగినదో అక్కరలేదు. సంస్థ వారు మొదట ఒప్పుకోలేదు. 1933లో అచ్చువేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. ఇప్పుడు అనేక నగరాల రైలు పటాలు ఆ పద్ధతినే గీస్తున్నారు. ఆయన సాధన అంతా అంతకు ముందు చేసిన నక్షల పనిలోనే ఉన్నది.

అందుకే మూడవ పనికి పంపులనే తీసుకోమన్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉన్నది. కర్మాగారంలో తాను గీసిన నక్షలు, భాగాల కొలతలు పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు. అవి యజమానివి. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం చేసిన కాగితంలో ఆ సంగతి ఉంటుంది, చాలామంది చదవరు. ఒకరి రహస్యాన్ని తెచ్చి చూపించినవాడు రేపు తమ రహస్యాన్ని కూడ చూపిస్తాడని చూసేవాళ్ళు అనుకుంటారు, అది న్యాయమే. మా వాడు బజారులో కొన్న పాత పంపును విప్పి, నీళ్ళెత్తనప్పుడు ఏ వరుసలో ఏమేమి చూడవలెనో మాటలు లేకుండా బొమ్మలతోనే ఒక కాగితం గీశాడు. చదువురాని ముగ్గురు రైతుల చేతికిచ్చి, పక్కన నిలబడి నోరు మెదపకుండా చూశాడు. మొదటి కాగితంతో ముగ్గురూ అడుగు వాల్వు బొమ్మను తలక్రిందులుగా అర్థం చేసుకున్నారు. బావి గోడ గీత ఒకటి చేర్చిన తరువాత సరిపోయింది. నోరు మూసుకొని చూడడమే అన్నిటి కంటె కష్టమైనదని వాడే చెప్పాడు.

ఇదంతా పదకొండు నెలలు పట్టింది. ఉద్యోగం చేస్తూనే, సాయంత్రాలూ ఆదివారాలూ. మొదట ఉద్యోగం మానివేసి కూర్చుంటానన్నాడు. ఇంటి అప్పుకు నెలనెలా కట్టవలసినది వాడి జీతంలో నుంచే పోతున్నది. ఇంట్లో పెండ్లికి చెల్లెలు ఉన్నది. మూడు పనులు ముగియనిదే రాజీనామా మాట ఎత్తవద్దని మా చెల్లెలి ముందు ఒప్పుకున్నాడు. సాఫ్ట్‌వేరుకు పైసా ఖర్చు చేయలేదు. గీతలకు ఇంక్‌స్కేపూ ఫొటోలకు గింపూ ఉచితంగా దొరుకుతవి. డబ్బు పోయినది అట్టలకూ చెడిన జరీకీ.

చదువు దారి పట్టదలచినవారికి అదీ కలదు. డిజైనులో ఎమ్.డెస్. పట్టానికి ఇంజనీరింగు చదివినవారు కూడ పోవచ్చును. బొంబాయి ఐ.ఐ.టి. వారు ఏటా జరిపే సీడ్ పరీక్షలో ఒక భాగం కంప్యూటరు మీద, మరొక భాగం కాగితం మీద చేత్తో గీసేది. అందువల్ల చేతి గీత లేనిదే కుదరదు. 1961లో అహమ్మదాబాదులో నెలకొల్పిన జాతీయ డిజైను సంస్థ ప్రవేశ పరీక్ష వేరుగా జరుపుతుంది. మా వాడు ఆ దారి పోలేదు. మరి రెండేండ్లు జీతం లేకుండా ఉండలేని ఇల్లు మాది. సేలంలోని నేతవారి సేవాకేంద్రానికి మాత్రం పోయి పాత డిజైను కాగితాలు చూసి వచ్చాడు. ఆ కేంద్రాలలో ఒకప్పుడు కె. జి. సుబ్రమణ్యన్, ప్రభాకర్ బర్వే వంటి చిత్రకారులు ఉద్యోగం చేశారు, అది బొంబాయిలో. చిత్రకారులు మగ్గం దగ్గరికి వచ్చిన రోజులవి. మగ్గం దగ్గరి పిల్లలు ఎదురు దారిన పోతున్నారు ఇప్పుడు.

పోర్ట్‌ఫోలియోను చివరిసారి సర్దుతుండగా సాగిపోయిన పద్మం ముక్క కనిపించలేదు. ఫొటో ఉన్నది గాని, గుడ్డనే చేతికి ఇవ్వవలెనని నా పట్టుదల. ఇల్లంతా వెదికితే మా చెల్లెలు దానిని వంటింట్లో గిన్నెలు దించే మసిగుడ్డగా వాడుతున్నది. "చెడిపోయిన గుడ్డే గదా అన్నా!" అన్నది. ఉతికినా ఒక మూల పసుపు మరక పోలేదు. అట్లాగే పెట్టాం.

బెంగుళూరు ఆఫీసుకు వాడు మళ్ళీ వెళ్ళాడు. అదే పెద్దావిడ. ఈసారి నలభై నిమిషాలు కూర్చున్నది. చీర ఫొటోను దాటవేసి, ఆ మరక గుడ్డను కిటికీ వెలుగులో పట్టుకొని గడులు లెక్కపెట్టింది. నూలు చీటీల దగ్గర, "100 నెంబరుకే మూల కత్తిరించావు, రేపు 120 నెంబరు వస్తే?" అని అడిగింది. మా వాడి దగ్గర జవాబు లేదు. "తెలియదండీ, రెండు మూలలు కత్తిరించి చూడాలి" అన్నాడట. మూడు నెలలు పరీక్షగా పనిచేయమన్నారు. జీతం పంపుల కర్మాగారంలో వచ్చినదానికి మూడు వంతులలో రెండు వంతులు. మా చెల్లెలు ఆ లెక్క విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.